నికరం గారి ఇరవై నాలుగు గంటలు

మా బావ అసలు పేరు షాపు బోర్డు మీద ఉంది. బజారులో ఆ పేరుతో పిలిస్తే అతనితో సహా ఎవరూ పలకరు. అందరికీ అతను నికరం. ఏ బ్యాటరీ గురించి అడిగినా, ఎవరు అడిగినా, "నికరంగా ఆరు గంటలు", "నికరంగా పది గంటలు" అని చెప్పడం వల్ల వచ్చిన పేరు అది. నికరం అంటే తరుగులన్నీ పోగా చివరికి చేతిలో మిగిలేది. మా బావ జీవితంలో దేనిలోంచీ తరుగు తీసి ఎరగడు. అతని నోట్లో ఆ మాటకి ఒకటే అర్థం: నన్ను ఇంకేమీ అడక్కు.

అతను ఈ వ్యాపారంలోకి తెలివితేటలతో రాలేదు. మొదట సైకిళ్ళ పంక్చర్లు వేశాడు, తర్వాత రేడియోలు బాగు చేస్తానని చాలామంది రేడియోలు పాడు చేశాడు. ఆ తర్వాత కరెంటు కోతలు పెరిగాయి. చీకటి అతనికి అన్నం పెట్టింది. ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్మే షాపు పెట్టాడు, లావయ్యాడు, మా అక్కని చేసుకున్నాడు. చదువు ఆగిపోయిన నన్ను షాపులో కూర్చోబెట్టాడు. బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ పొయ్యడం, తుప్పు పట్టిన టెర్మినల్స్ వేణ్ణీళ్ళతో కడగడం, బరువులు మొయ్యడం నా పని. మాట్లాడ్డం అతని పని.

ఎవరైనా పాత బ్యాటరీ తీసుకొస్తే బావ స్క్రూడ్రైవర్ పిడితో దాని పక్కన రెండుసార్లు తట్టి, చెవి వంచి వినేవాడు. డాక్టరు ఛాతీ మీద తట్టినట్టు. "ధ్వని బాగుంది. ఇంకో రెండేళ్ళు ఢోకా లేదు" అనేవాడు. ప్లాస్టిక్ డబ్బాని తడితే ప్లాస్టిక్ డబ్బా చప్పుడే వస్తుంది. కానీ ఆ వంగే భంగిమలో ఏదో పాండిత్యం కనిపించేది కాబోలు, వచ్చినవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టి వినేవాళ్ళు.

కొత్త బ్యాటరీ కొనేవాళ్ళు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఎన్ని గంటలు వస్తుంది? దానికి తిరిగి అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటే. దాని మీద ఏమేం నడుపుతారు? బల్బొక్కటే అయితే ఒక లెక్క, నాలుగు ఫ్యాన్లయితే ఒక లెక్క. మా బావ ఆ ప్రశ్న అడగ్గా నేను వినలేదు. మనిషి ముఖం చూసి గంటలు చెప్పేవాడు. ముఖం దిగాలుగా ఉంటే రెండు గంటలు కలిపేవాడు. జనం కూడా తక్కువ వాళ్ళేం కాదు. లెక్క చెప్పేవాడి దగ్గరికి పోరు, ధైర్యం చెప్పేవాడి దగ్గరికి పోతారు. ఆ రాత్రికి బ్యాటరీ అయిపోతే, "మా ఇంట్లోనే వాడకం ఎక్కువ" అని వాళ్ళకి వాళ్ళే సర్దిచెప్పుకుంటారు. మోసపోయినవాడే మోసగాడి తరఫున వాదించే వ్యాపారం ఇదొక్కటే అనుకునేవాణ్ణి. తర్వాత మిగతా వ్యాపారాలు కూడా చూశాను.

ఇలాంటి మనిషి ఇంట్లో మా అక్క ఒక పని మొదలుపెట్టింది.

అక్క ముందుగదిలో నాలుగు బల్లలు వేసింది. ఆన్‌లైన్‌లో సామాన్లు అమ్మే ఒక కంపెనీకి వచ్చే ఫిర్యాదులకి జవాబులు టైపు చేసే పని. సరుకు రాలేదనీ, వచ్చింది కానీ రంగు వేరనీ, రంగు సరే కానీ చిరిగిందనీ రోజంతా జనం రాస్తూ ఉంటారు. వాళ్ళని చల్లబరచాలి. అక్కతో పాటు ఇంకో ముగ్గురు. ఒకామె బడి మానేసిన పంతులమ్మ, ఒకామె వెనకింటి కోడలు, ఒకామె పిన్ని కూతురు, మేమందరం బుల్లి అని పిలిచే పిల్ల. నాలుగు ల్యాప్‌టాప్‌లు, ఒక రౌటర్, దాని పక్కన ఫైబర్ వైరు వచ్చి దిగే చిన్న డబ్బా. అంతే ఆఫీసు.

కంపెనీ వాళ్ళు ముందు ఒక నెల చూస్తామన్నారు. షరతు ఒకటే పెట్టారు. పని వేళల్లో నలుగురూ ఒకేసారి తెర మీద నుంచి మాయమైతే ఆ రోజుతో సరి. ఇలాంటి గదులు వాళ్ళకి బోలెడున్నాయి. ఒకటి ఆరిపోతే ఇంకొకటి వెలిగించుకుంటారు. అక్క ఆ నెలని గుడ్లబుట్టలా మోసుకుంటూ వచ్చింది. ఇంకో వారంలో నెల పూర్తవుతుందనగా కరెంటాఫీసు వాళ్ళు వీధంతా మైకులో చెప్పుకుంటూ పోయారు. తీగలు మారుస్తారట. బుధవారం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా కరెంటు ఉండదు.

అక్క పని వేళ కూడా తొమ్మిది నుంచి అయిదు.

ఆ మధ్యాహ్నమే అక్క షాపుకి వచ్చింది. షాపులో ఒక వాట్ మీటరు ఉంది. గోడ ప్లగ్గుకీ మన వస్తువుకీ మధ్య పెడితే ఆ వస్తువు ఎంత తాగుతోందో చూపిస్తుంది. అద్దాల అలమరలో అలంకారానికి పెట్టిన దాన్ని అక్క తీయించి ఇంటికి పట్టుకెళ్ళింది. నలుగురూ పని చేస్తున్నప్పుడే చూసింది. ల్యాప్‌టాప్ చార్జర్ల మీద అరవై అయిదు వాట్లని రాసి ఉన్నా ఒక్కొక్కటీ నలభై అయిదు దగ్గర ఆడుతోంది. రౌటరూ, ఆ ఫైబర్ డబ్బా కలిపి ఇరవై. అంతా కలిపి రెండు వందల వాట్లు.

సాయంత్రం షాపులో బావ ఎదుట నిలబడి అడిగింది. "ఏమండీ, మొత్తం రెండొందల వాట్లు. ఎనిమిది గంటలు ఆడాలి. ఏం పెడతారు?"

బావ మూల చూపించాడు. అక్కడ ఒక జెరాక్స్ షాపు వాళ్ళు కొత్తవి తీసుకుని తిరిగిచ్చిన రెండు బ్యాటరీలున్నాయి. వంద ఏహెచ్‌వి రెండు. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత కరెంటుని ఎంతసేపు ఇవ్వగలదో చెప్పే కొలత. వంద ఏహెచ్ అంటే అయిదు ఆంపియర్ల చొప్పున తీసుకుంటే ఇరవై గంటలు, అదీ కొత్తగా ఉన్నప్పుడు. ఇవి రెండేళ్ళు అరిగినవి.

"ఆ జత పెడతా," అన్నాడు బావ. "అది చాలు, మిగిల్తే పక్కింటోళ్ళకి కూడా ఇయ్యొచ్చు."

"ఎన్ని గంటలొస్తుంది?"

"నికరంగా ఒక పగలూ ఒక రాత్రీ."

"లెక్క చెప్పండి."

బావ ముఖం చూసి తీరాలి. పాతికేళ్ళ వ్యాపారంలో అతన్ని ఎవరూ లెక్క అడగలేదు. అడిగింది కట్టుకున్న పెళ్ళాం. ఆవేళ షాపులో ఇద్దరు కొనేవాళ్ళు కూడా ఉన్నారు. బావ కాలిక్యులేటర్ తీశాడు, తీసినవాడు దాన్ని పక్కన పెట్టి, అవసరం లేదన్నట్టు చేతివేళ్ళు మడిచాడు.

"వంద ఒకటి, వంద ఒకటి. రెండొందల ఏహెచ్. అవునా? వోల్టులు ఇది పన్నెండు, అది పన్నెండు. ఇరవై నాలుగు. అవునా? రెండొందల్ని ఇరవై నాలుగుతో హెచ్చెయ్. నాలుగు వేల ఎనిమిదొందలు. నీ వాట్లెన్ని, రెండొందలు. భాగించు. ఇరవై నాలుగు గంటలు. వోల్టులూ ఇరవై నాలుగే, గంటలూ ఇరవై నాలుగే, రోజుకీ ఇరవై నాలుగే. ఇంకేం కావాలి నీకు?"

కొనడానికి వచ్చిన ఇద్దరూ తలలూపారు. ఒకాయన "భలే కుదిరింది" అన్నాడు.

అందులో దొంగతనం ఎక్కడ జరిగిందో చూడండి. రెండు బ్యాటరీలని ఒకదాని తోకకి ఒకటి కట్టి వరసలో పెడితే, దాన్ని సిరీస్ అంటారు, వోల్టులు కలుస్తాయి. పన్నెండూ పన్నెండూ ఇరవై నాలుగవుతాయి. ఏహెచ్ మాత్రం వందే. రెండింటిలోంచీ పోయేది ఒకటే కరెంటు మరి. అలా కాకుండా ప్లస్సుకి ప్లస్సు, మైనస్సుకి మైనస్సు పక్కపక్కన కడితే ఏహెచ్ రెండొందలవుతుంది. అప్పుడు వోల్టులు పన్నెండే. ఎలా కట్టినా వోల్టుల్ని ఏహెచ్‌తో హెచ్చేస్తే లోపల ఉన్న సరుకు రెండు వేల నాలుగొందల వాట్ అవర్లే, అంటే అక్క వాట్లకి పన్నెండు గంటలు. మా బావ వోల్టులు కలిపాడు, ఏహెచ్ కూడా కలిపాడు. ఒకే మనిషిని ముందు గుమ్మంలో ఒకసారి, పెరటి గుమ్మంలో ఒకసారి లెక్కపెట్టి ఇంటికి ఇద్దరు చుట్టాలొచ్చారన్నట్టు. అతను ఒక్కడే కాదు, మా బజారులో సగం మంది అంతే. ఇరవై నాలుగు వోల్టుల ఇన్వర్టర్‌కి వేసే జతని వాళ్ళందరూ "రెండొందల జత" అనే పిలుస్తారు. నోటికి అలవాటైన పేరే లెక్కలోకి దిగి కూర్చుంది.

"సిరీస్‌లో ఏహెచ్ కలవదు బావా," అన్నాను.

"కలవదా? మరి రెండో బ్యాటరీలో వంద ఏమైపోయింది? ఆవిరైపోయిందా? నువ్వు తాగేశావా?"

కొనేవాళ్ళు నవ్వారు. మూర్ఖుడి ప్రశ్నలో ఉండే సుఖం అదే. అడగడానికి ఒక్క క్షణం చాలు, జవాబు చెప్పడానికి బల్ల మీద బొమ్మ గీయాలి.

"అది వోల్టుల్లోకి పోయింది. నువ్వు దాన్ని ఒకసారి లెక్కేశావు కదా, మళ్ళీ…"

"ఈడు పుస్తకాలు చదువుతాడండీ," అన్నాడు బావ వాళ్ళతో. "రేపు బ్యాటరీలో నీళ్ళు పొయ్యాలంటే కూడా పుస్తకంలో చూసి పోస్తాడు. ఒరేయ్, ఆ ఇన్వర్టర్ తుడువు ముందు."

అక్క నవ్వలేదు. నా ముఖం చూసింది, అతని ముఖం చూసింది. "పోనీ ఒక పని చేద్దాం. ఆదివారం మాకు పని లేదు. మెయిన్ ఆపేసి, నాలుగూ ఆన్ చేసి, ఎంతసేపొస్తుందో చూద్దాం."

"మతి పోయిందా నీకు? ఊరికే ఖాళీ చేస్తే బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోదూ?"

"ఒక్కసారికే?"

"ఒక్కసారైనా. దాని జోలికి పోకు. మొగుడు చెప్తే నమ్మవు, షాపు పెట్టుకుంది ఎందుకు మరి, గోళీలాడుకోడానికా?"

అక్క అంతటితో వదిలేసింది. బ్యాటరీల షాపు మొగుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఇంకో చోట బ్యాటరీ కొంటే ఏం బాగుంటుంది అనుకుంది. అప్పటికి ఆమెకి అతని పరువు ఇంకా కొంచెం ముద్దుగానే ఉండేది.

మంగళవారం నేనే ఆ జతని, దానికో ఇన్వర్టర్‌ని మోసుకెళ్ళి ముందుగది మూల బిగించాను. బావ వచ్చి రెండింటినీ పిడితో తట్టి, ధ్వని బాగుందన్నాడు. వెళ్ళబోతూ నేను అక్కకి నా లెక్క చెప్పాను. రెండు వేల నాలుగొందల్లో అయిదో వంతు ఇన్వర్టరే తినేస్తుంది, ఇరవై నాలుగు వోల్టుల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చినందుకు దాని కూలి అది. మిగిలిన పందొమ్మిదొందల్లో అరుగుదల కింద ఇంకో మూడో వంతు దాకా పోతుంది. పదమూడొందలకి కాస్త తక్కువ మిగిలింది. రెండొందల వాట్లకి ఆరు గంటల పైన ఓ అర గంట, బ్యాటరీ అడుగంటకముందే ఇన్వర్టర్ ఆపేస్తుంది కాబట్టి ఇంకా తక్కువే అనుకోవాలి.

అక్క నమ్మిందో లేదో తెలియదు. ల్యాప్‌టాప్‌లు నాలుగూ రాత్రంతా చార్జింగ్‌లో పెట్టించింది.

బుధవారం తొమ్మిది కొట్టగానే కరెంటు పోయింది. ఇన్వర్టర్ టక్కుమని అందుకుంది. రౌటర్ దీపాలు కళ్ళార్పలేదు. బుల్లి చప్పట్లు కొట్టబోయి, పంతులమ్మ చూపుకి ఆగిపోయింది. గదిలో కీబోర్డుల చప్పుడు, ఎవరో చెప్పుల జతలో ఒకటి ఎడమది, రెండోదీ ఎడమదే వచ్చిందని ఏడుస్తున్నాడని వెనకింటి కోడలి నవ్వు. పదకొండు దాకా బాగానే ఉంది.

పదకొండుకి బావ వచ్చాడు. గది చూశాడు. ఎండాకాలం కాకపోయినా నాలుగు ల్యాప్‌టాప్‌ల వేడి, మూసిన కిటికీలు. నలుగురి ముఖాలూ చెమటలు పట్టి ఉన్నాయి.

"ఇదేం చావు? ఫ్యానేసుకోవచ్చుగా."

"వద్దండీ. సాయంత్రం దాకా రావాలి," అంది అక్క తెర మీంచి కన్ను తిప్పకుండా.

"పగలూ రాత్రీ ఇరవై నాలుగు గంటలు పెట్టుకుని ఎనిమిది గంటలకి ఉక్కలో చస్తారా? పిసినారితనానికీ హద్దుండాలి."

లోపల్నుంచి స్టాండు ఫ్యాను తెచ్చి తానే ప్లగ్గు పెట్టాడు. అరవై వాట్లు. చల్లగాలికి పంతులమ్మ "హమ్మయ్య, పుణ్యం కట్టుకున్నారు" అంది. అక్క ఒక జవాబు మధ్యలో ఉంది, లేవలేకపోయింది. తర్వాత వరసగా ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. అవతల ఎక్కడో ఇంకో గది ఆరిపోయి ఉంటుంది, దాని భారం ఇక్కడికి తోలారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. బావ కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చుని ఫోనులో ఎవరికో చెప్తున్నాడు. "మా ఇంట్లోనే చూడండి, రండి. నాలుగు ల్యాప్‌టాప్‌లు, ఇంటర్నెట్టు, పైగా ఫ్యాను. ఎంత, రెండొందల జత. నికరం."

రెండు దాటగానే ఇన్వర్టర్ కూత పెట్టింది. ఒక్క కూత, కాసేపు ఆగి ఇంకొకటి. ఎర్ర దీపం వెలిగింది.

నలుగురి చేతులూ ఆగాయి.

"అదేంటి బావగారూ?" అంది వెనకింటి కోడలు.

బావ ఫోను చెవినుంచి తీయకుండానే చెయ్యి ఊపాడు. "అది వార్నింగు. ఊరికే. వార్నింగు తర్వాత ఇంకా సగం ఉంటుంది."

"ఇందాక పగలూ రాత్రీ అన్నారు కదండీ," అంది పంతులమ్మ.

"బ్యాటరీకేం తెలుసండీ పగలో రాత్రో. కొత్త చోటు కదా, సర్దుకుంటోంది."

ఇది నేను కల్పించింది కాదు. చోటు మారిస్తే నిద్ర పట్టని ముసలమ్మ గురించి చెప్పినట్టు బ్యాటరీ గురించి చెప్పాడు.

మళ్ళీ కూత. అక్క లేచింది. ముందు ఫ్యాను ప్లగ్గు పీకేసింది. బావ "ఏయ్" అన్నాడు. అక్క అతని వైపు చూడలేదు. ఒక్కొక్క బల్ల దగ్గరికీ వెళ్ళి ల్యాప్‌టాప్ చార్జర్లు నాలుగూ పీకింది. గది ఒక్క క్షణం బిక్కచచ్చిపోయింది. తెరలు కొంచెం మసకబారాయి, ఆరలేదు. వాటి కడుపులో వాటి సొంత బ్యాటరీలున్నాయి, రాత్రి నుంచీ నిండుగా.

"వెలుగు తగ్గించండి. చూడ్డానికి సరిపడా చాలు. పాటలూ గీటలూ ఏవైనా తెరిచుంటే మూసెయ్యండి," అంది. "ఇన్వర్టర్ మీద ఇక రౌటరొక్కటే."

నేను అప్పుడు గుమ్మంలోనే ఉన్నాను. ఇదీ ఆలోచించాల్సిన విషయం అని నాకు అప్పుడే తట్టింది. రెండొందల వాట్లలో నూట ఎనభై ల్యాప్‌టాప్‌లదే. అవి తమ సంచిలో తమ తిండి తెచ్చుకున్నవి. రౌటర్‌కి సంచి లేదు, దానికి ఇరవై వాట్లు చాలు. ఇంత పెద్ద జత మీద అందరూ పడి తింటూ, పస్తుండలేని ఆ ఒక్కదాన్నీ చంపబోయారు. బరువు తగ్గగానే ఇన్వర్టర్ కూత ఆపింది. అదీ మాయ కాదు, ఎక్కువ కరెంటు లాగుతున్నప్పుడు బ్యాటరీ వోల్టులు కుంగుతాయి, లాగడం తగ్గిస్తే కొంచెం తేరుకుంటాయి.

"చెప్పలేదూ," అన్నాడు బావ ఫోనులోకి. "సర్దుకుంది."

పంతులమ్మ ల్యాప్‌టాప్ పాతది, దాని బ్యాటరీ అరగంటకే చేతులెత్తేసింది. ఆమె దాన్ని మూసి, బుల్లి పక్కన కుర్చీ లాక్కుని ఏ జవాబు ఎలా రాయాలో నోటితో చెప్పింది. పంతులమ్మ మాట, బుల్లి వేళ్ళు. నాలుగు దాటాక మిగతావి కూడా పది శాతానికి దిగాయి. అక్క ఒక్క చార్జరే ప్లగ్గులో పెట్టి, ముగ్గురికీ వంతులేసింది. ఒకదానికి కాస్త తాగించి పీకడం, ఇంకోదానికి పెట్టడం. బావిలో అడుగు నీళ్ళు చెంబుతో తోడుకున్నట్టు. ఎవరి వంతు దగ్గర ఎంతసేపు అని గొడవ రాలేదు. ఇన్వర్టర్ ఎర్ర దీపం మళ్ళీ వెలిగి, అలాగే చూస్తూ ఉండిపోయింది.

అయిదు కావస్తుండగా వీధిలో కరెంటొచ్చిన కేకలు వినిపించాయి. ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. కంపెనీ తెర మీద మా గది ఆ రోజంతా ఒక్క నిమిషం కూడా మాయం కాలేదు. పంతులమ్మ ఒక్కతే మధ్యాహ్నం నుంచి లేదు, దానికి వాళ్ళేం అనలేదు. అక్క కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలింది. వెనకింటి కోడలు ఆమె భుజం నొక్కి ఇంటికి వెళ్ళిపోయింది.

బావ ఇన్వర్టర్ దగ్గరకెళ్ళి నిలబడి దాన్ని గుర్రం మెడ నిమిరినట్టు నిమిరాడు. "ఎనిమిది గంటలు. ఇంకా మిగిలే ఉంది."

బుల్లి పీకిన చార్జర్లు చుట్టసాగింది. జవాబు లేకపోవడం అతని దృష్టిలో ఒప్పుకోవడం.

ఆ వారమంతా షాపులో ఆ కథే. నాలుగు ల్యాప్‌టాప్‌లు, ఇంటర్నెట్టు, ఫ్యాను, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, మా ఇంట్లోనే. ఫ్యాను మూడు గంటలే తిరిగిందని చెప్పడు. చార్జర్లు పీకేసిన సంగతి అసలు జరగనే లేదు. కథ విన్నవాళ్ళు జతలు కొనుక్కుపోయారు. వాటిలో ఒకటి నేనే రిక్షాలోకి ఎత్తాను. కొన్నాయన ముఖం చూస్తే పాపమనిపించలేదు. అతను కూడా వాట్లెన్నని అడగలేదు. వాళ్ళింట్లో కూత వినిపించిన రోజున "మా ఇంట్లోనే వాడకం ఎక్కువ" అంటాడు.

నెల పూర్తయింది. కంపెనీ వాళ్ళు అక్క గదిని ఉంచుకున్నారు. ఉంచుకోవడమే కాదు, ఇంకో నలుగుర్ని పెట్టుకోమన్నారు. మేడ మీద గది ఖాళీగా ఉంది. మొత్తం ఎనిమిది ల్యాప్‌టాప్‌లు, నాలుగు వందల వాట్ల దాకా అవుతుంది. ఈసారి కంపెనీ మనిషే ఫోను చేసి అడిగాడు, కరెంటు పోతే మీకు ఎన్ని గంటలు నడుస్తుంది అని. అక్క ఫోను స్పీకర్లో పెట్టుకుని అన్నం వడ్డిస్తోంది. బావ కంచం ముందు కూర్చుని గట్టిగా గుసగుస పెట్టాడు. "పదహారు చెప్పు. పదహారు."

"ఇప్పుడున్న దాని మీద నలుగురికి అయిదు గంటలండీ," అంది అక్క ఫోనులో. "ఎనిమిది మందికైతే రెండు గంటలు కూడా అనుమానమే. కొత్తవి పెడతాం, పెట్టి నడిపి చూసి అప్పుడు చెప్తాను."

ఫోను పెట్టాక బావ ముద్ద అక్కడే ఆపాడు. "ఏంటది? నా పరువు నువ్వే తీస్తే ఎలా? అయిదేంటి, అయిదు? బుధవారం ఎనిమిది రాలేదూ?"

"వచ్చింది. చార్జర్లు పీకితే వచ్చింది."

"ఏదైతేనేం, వచ్చిందిగా. రేపు ఇంకో జత తెచ్చి మేడ మీద పెడతా. రెండూ కలిపి నాలుగొందల జత…"

"వద్దండీ. రోడ్డు చివర కొత్త షాపులో చెప్పేశాను."

ఆ కొత్త షాపు పెట్టి రెండు నెలలు కూడా కాలేదు. అందులో కూర్చునేది ఒక నడివయసు మనిషి, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు, అడిగినదానికి తప్ప దేనికీ మాట్లాడడు. అతను గొప్పవాడేం కాదు. అక్క వెళ్ళి ఎన్ని గంటలని అడిగితే, "ఎన్ని వాట్లమ్మా?" అన్నాడట. అంతమాత్రానికే అక్క అక్కడ కొనేసింది. మా బజారులో నిజాయితీ ఎంత చవగ్గా దొరుకుతుందో అప్పుడు తెలిసింది. దొరక్కపోవడానికి కారణం ఎవరూ అడక్కపోవడమే.

బావ ఆపిన ముద్దని కంచంలో మళ్ళీ కలిపాడు. తర్వాత చిన్న గొంతుతో అన్నాడు. "బజారంతా నవ్వుతారే."

"నవ్వనీండి. లైను నిలబడాలి."

"నేను మొగుణ్ణి కాదా?"

"మొగుడిగా మిమ్మల్ని ఏమన్నాను? మజ్జిగ పొయ్యనా?" అని పోసింది. "బ్యాటరీలు మాత్రం మీ దగ్గర కొనను."

నేను తలొంచుకుని తిన్నాను. నవ్వితే నా ఉద్యోగం, నా భోజనం రెండూ ఆ కంచంతోనే పోతాయి. కానీ అతన్ని చూసి జాలిపడ్డానంటే అబద్ధం. పాతికేళ్ళు జనం ముఖాలు చూసి గంటలు అమ్మినవాడు, పెళ్ళాం ముఖంలో ఎన్ని గంటలు మిగిలాయో చూసుకోలేకపోయాడు.

శనివారం పొద్దున కొత్త షాపు ఆటో మా ఇంటి ముందు ఆగింది. పెద్ద బ్యాటరీలు నాలుగు. దింపడానికి వచ్చింది ఒక్కడే, ఆ షాపులో కొత్తగా చేరిన మనిషి, మా బావ ఎవరో ఎరగడు. మేడ మెట్లు ఇరుకు. ఒక్కొక్క బ్యాటరీ ఒక మనిషి బరువులో సగం పైనే ఉంటుంది. నేను లోపల ఇన్వర్టర్ వైర్లు విప్పుతున్నాను. బావ షాపుకి బయల్దేరి గుమ్మంలో చెప్పులేసుకుంటున్నాడు.

"అన్నా, ఒక చెయ్యేస్తావా?" అన్నాడు ఆటోలోంచి దిగినవాడు.

బావ అటూ ఇటూ చూశాడు. ఎదురింటి వాళ్ళు అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. నాకేం పట్టదనడానికి అది తన ఇల్లే, కాదనడానికి సామాను వచ్చింది తన పెళ్ళానికే. చెప్పులు విడిచి, చొక్కా చేతులు పైకి మడిచి, రెండో వైపు తాడు పట్టుకున్నాడు. ఇద్దరూ ఒక్కొక్క మెట్టూ ఎక్కారు. మూడో మెట్టు మీద ఆగి, ఊపిరి తీసుకుంటూ, బావ ఖాళీగా ఉన్న చేత్తో బ్యాటరీ పక్కన తట్టి చెవి వంచాడు.

"ఇవి ఎంతవి?"

"నూట యాభైవి అన్నా."

"నాలుగు నూట యాభైలు. ఆరొందలు. నాలుగు పన్నెండ్లు నలభై ఎనిమిది." పెదాలు కదిలాయి. "ఇవి నికరంగా మూడు రోజులాడతాయి తమ్ముడూ. మీ ఓనరుకి తెలీదు, నువ్వెళ్ళి చెప్పు."

"అలాగే అన్నా. ముందు ఎత్తు," అన్నాడు వాడు.

పైనుంచి అక్క గొంతు వినిపించింది. "నెమ్మదిగా తేండి. గోడకి తగిలించకండి, కొత్తగా సున్నం వేయించాను."